మాక్ రీకాల్ 100 శాతం, గోడౌన్‌లో 37 బాక్సులు తక్కువ: లోపం ఎక్కడ, డ్రిల్ ఎలా

ప్రశ్న: మాది మందుల డిస్ట్రిబ్యూషన్. ప్రతి ఇన్వాయిస్ మీద బ్యాచ్ నంబరు ప్రింట్ అవుతుంది. ఏడాదికోసారి మాక్ రీకాల్, అంటే ఒక బ్యాచ్‌ని మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించే ఉత్తుత్తి డ్రిల్, చేస్తాం. ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో బ్యాచ్ నంబరు కొడితే పది నిమిషాల్లో కస్టమర్ల లిస్టు వచ్చేస్తుంది, 100 శాతం అని రాసి ఫైల్ చేస్తాం. ఈసారి ఆడిటర్ ఒక బ్యాచ్ చెప్పి గోడౌన్‌లో లెక్కపెట్టించారు. 37 బాక్సులు తక్కువ వచ్చాయి. ఐటమ్ మొత్తం స్టాక్ మాత్రం దాదాపు సరిపోయింది. లోపం ఎక్కడుంది? డ్రిల్ ఇంకెలా చేయాలి?

జవాబు:

మీరు చేస్తున్న పద్ధతిలో ఎప్పుడు చేసినా 100 శాతమే వస్తుంది. ఈఆర్‌పీ చూపించే బ్యాచ్ నిల్వ ఎక్కడి నుంచో వచ్చిన అంకె కాదు. వచ్చిన సరుకులోంచి ఇన్వాయిస్ చేసిన సరుకు తీసేస్తే మిగిలేదే అది. ఆ నిల్వను మళ్లీ ఇన్వాయిస్‌లతో కూడి వచ్చిన సరుకుతో పోలిస్తే సరిపోక ఏమవుతుంది? కంప్యూటర్ తన తీసివేతను తానే సరిచూసుకుంది, అంతే. మధ్యలో ఎవరూ షెల్ఫ్ దగ్గరికి వెళ్లి బాక్సు మీద ముద్రించిన నంబరు చదవలేదు. మీ ఆడిటర్ చేయించింది ఆ ఒక్క పనే.

మీ పూర్తి లెక్కలు ప్రశ్నలో లేవు కాబట్టి, అదే 37 తేడా వచ్చే ఒక ఉదాహరణ వేసుకుని చూద్దాం. బ్యాచ్ K2417. రెండు దఫాలుగా 1,200 చొప్పున 2,400 బాక్సులు వచ్చాయి. ఇన్వాయిస్‌ల ప్రకారం 1,846 బయటికి వెళ్లాయి. కస్టమర్ల దగ్గర్నుంచి 24 తిరిగి వచ్చి స్టాక్‌లో చేరాయి. పాడైనవిగా 10 రాసి పక్కన పెట్టారు. అంటే పుస్తకం ప్రకారం షెల్ఫ్ మీద ఉండాల్సింది 2,400 + 24 − 1,846 − 10, అంటే 568. లెక్కపెడితే 531 ఉన్నాయి. తక్కువ పడింది 37.

ఇక్కడ చాలామంది K2417 ఫైలులోనే తిరుగుతూ ఉండిపోతారు. ముందు చూడాల్సింది దాని పక్క బ్యాచ్‌ని. అదే మందు, అదే ప్యాక్ సైజు, అదే సమయంలో గోడౌన్‌లో ఉన్న K2418ని కూడా లెక్కపెట్టండి. దానికి 1,500 వచ్చాయి, 860 ఇన్వాయిస్ అయ్యాయి, పుస్తకంలో 640 ఉండాలి అనుకుందాం. షెల్ఫ్ మీద 674 ఉన్నాయి. ఎక్కువ తేలింది 34. ఇక పాడైన సరుకు పెట్టిన చోట చూస్తే K2417 బాక్సులు 10 కాదు, 13 ఉన్నాయి. మూడింటికి ఎంట్రీ వేయలేదు. 34, 3 కలిపితే 37.

అంటే దొంగతనం జరగలేదు, సరుకు పోలేదు. K2418 అని ఇన్వాయిస్ చేసి K2417 బాక్సులు పంపారు. ఐటమ్ మొత్తం తీసుకుంటే పుస్తకంలో 1,208, షెల్ఫ్ మీద 1,205, తేడా మూడే. అందుకే ఐటమ్‌వారీ స్టాక్ లెక్కింపులో ఇది ఏళ్ల తరబడి బయటపడదు. అకౌంట్స్ వాళ్ల దృష్టిలో ఏ సమస్యా లేదు, రెండు బ్యాచ్‌ల ధర ఒకటే. రీకాల్ వచ్చిన రోజున మాత్రం ఆ 34 బాక్సులు ఎవరి దగ్గర ఉన్నాయో మీ లిస్టు చెప్పదు. పైగా ఆ బాక్సులు అందుకున్న కస్టమర్లకు మీరు కబురే పెట్టరు.

ఇంకో సంగతి ఉంది. 34 అనేది కనీస సంఖ్య. ఒకసారి K2418 ఇన్వాయిస్ మీద 50 బాక్సుల K2417 వెళ్లి, మరోసారి K2417 ఇన్వాయిస్ మీద 16 బాక్సుల K2418 వెళ్లినా మిగిలే తేడా 34 గానే కనిపిస్తుంది. రెండు వైపులా సమానంగా తప్పు జరిగితే తేడా సున్నా వస్తుంది. కాబట్టి బ్యాచ్ లెక్కలో తేడా ఉంటే తప్పు జరిగిందని కచ్చితంగా చెప్పవచ్చు గానీ, తేడా లేనంత మాత్రాన లిస్టు సరైనదని చెప్పలేం. దీన్ని పట్టుకోవడానికి వేరే పరీక్ష కావాలి, కింద చెబుతాను.

శాతం అంకె ఎంత మోసం చేస్తుందో కూడా ఇదే లెక్కలో చూడండి. K2417లో జాడ దొరికినవి 531 + 1,846 + 13 = 2,390. లెక్క చెప్పాల్సినవి 2,424. అంటే 98.6 శాతం. 98 దాటితే పాస్ అని ఫారంలో రాసుకున్న సంస్థలో ఇది నిశ్చింతగా పాస్ అయిపోతుంది. అదే K2418కి లెక్క వేస్తే 1,500కి 1,534 వస్తాయి, 102.3 శాతం. వంద దాటింది కదా, సరుకు ఏమీ పోలేదు కదా అని దీన్ని వదిలేస్తారు. నిజానికి వంద దాటడం వంద కన్నా తగ్గడమంత చెడ్డ సంకేతం. ఒక బ్యాచ్‌లో ఎక్కువ తేలిందంటే ఇంకో బ్యాచ్ సరుకు జాడ లేకుండా బయటికి వెళ్లిందని అర్థం. ఈ రెండో బ్యాచ్‌ని మాత్రమే డ్రిల్‌కి తీసుకుని ఉంటే అసలు ప్రమాదం ఎటు ఉందో కూడా తెలిసేది కాదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న 37 బాక్సుల సంగతి. ముందుగా, అకౌంట్స్ వాళ్లు "ఒక అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ వేసి సరిచేద్దాం" అంటారు. ఇప్పుడే వేయకండి. K2417 నుంచి K2418కి 34 మార్చి, పాడైన మూడూ రాసినట్టు ఎంట్రీ పడిన మరుక్షణం స్టాక్ సరిపోతుంది, తప్పుడు లిస్టు మాత్రం అలాగే మిగిలిపోతుంది, దాన్ని పట్టించే ఒకే ఒక్క ఆధారం చెరిగిపోతుంది. రెండు బ్యాచ్‌ల లెక్కింపు కాగితం, తేడా, కారణం, ఏ తేదీల మధ్య ఇది జరిగి ఉండవచ్చు అన్నది రాసి ఆ రెండు బ్యాచ్‌ల రికార్డుకు జోడించండి. తర్వాతే ఎంట్రీ. ఆ ఎంట్రీలో కూడా కారణం గడి ఖాళీగా ఉండకూడదు.

తర్వాత కస్టమర్ల లిస్టును వెడల్పు చేయాలి. K2417 ఇన్వాయిస్ అయిన కస్టమర్లు 61 మంది అనుకుందాం. K2417 గోడౌన్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి దాని చివరి బాక్సు వెళ్లిపోయే రోజు వరకు, ఏ బ్యాచ్ పేరుతోనైనా సరే ఈ ఐటమ్ తీసుకున్న ప్రతి కస్టమరూ అనుమానితుడే. K2418 పేరుతో తీసుకున్నవారు 38 మంది ఉంటే, వారిలో 16 మంది ముందే లిస్టులో ఉన్నారు. కొత్తగా చేరేది 22 మంది. మొత్తం 83. రీకాల్ నోటీసు వెళ్లాల్సింది ఈ 83 మందికి. ఈ క్వెరీ ముందే రాసి పెట్టుకోండి, ఆ రోజు హడావుడిలో రాయడం కుదరదు:

```
SELECT customer_id, lot_no, SUM(qty)
FROM dispatch
WHERE item_id = 'P118'
  AND ship_date >= (SELECT MIN(receipt_date)
                    FROM receipt
                    WHERE item_id = 'P118'
                      AND lot_no = 'K2417')
GROUP BY customer_id, lot_no;
```

K2417 ఇంకా స్టాక్‌లో ఉంది కాబట్టి ఇందులో ఆఖరి తేదీ పెట్టలేదు. టేబుళ్లు, కాలమ్‌ల పేర్లు మీ సిస్టమ్‌లో ఉన్నట్టు మార్చుకోండి. బ్యాచ్ నంబరుతో పాటు ఐటమ్ కోడ్ కూడా తప్పకుండా ఇవ్వాలి, ఎందుకంటే ఇద్దరు తయారీదారులు ఒకే బ్యాచ్ నంబరు వాడటం అరుదేమీ కాదు.

ఇక తప్పు ఎక్కడ పుడుతుంది అనే ప్రశ్న. మీ వివరాలను బట్టి చూస్తే పికింగ్‌లోనే, అంటే ఆర్డర్‌కి షెల్ఫ్ మీంచి సరుకు తీసే దగ్గరే పుడుతోంది. ఆర్డర్ రాగానే సిస్టమ్ ముందు గడువు తీరే బ్యాచ్‌ని ఎంచి పికింగ్ స్లిప్ మీద ప్రింట్ చేస్తుంది. పికింగ్ చేసే మనిషికి షెల్ఫ్ మీద రెండు బ్యాచ్‌ల బాక్సులు పక్కపక్కనే, ఒకే రంగులో, ఒకే గడువు నెలతో కనిపిస్తాయి. చేతికి అందింది తీసి, స్లిప్ మీద టిక్ పెడతాడు. స్లిప్‌లో బ్యాచ్ ముందే ప్రింట్ అయి ఉంది కాబట్టి ఆ టిక్ వల్ల అతను బాక్సు చదివినట్టు రుజువు కాదు. ఇన్వాయిస్ మీద పడేది సిస్టమ్ ఊహించిన బ్యాచ్, అట్టపెట్టెలో వెళ్లింది వేరే బ్యాచ్. చెకింగ్ టేబుల్ దగ్గర కూడా ఐటమ్ పేరు, పరిమాణం చూస్తారు గానీ బ్యాచ్ చూసేది తక్కువ, ముఖ్యంగా సాయంత్రం బండి బయల్దేరే వేళ.

దీనికి మంచి మందు పికింగ్ దగ్గర స్కానింగ్. బాక్సు స్కాన్ చేస్తేనే ఆర్డర్‌లో ఆ లైను మూసుకోవాలి, ఇన్వాయిస్ ఆ స్కాన్ నుంచే తయారవ్వాలి. ఒక బాక్సు స్కాన్ చేసి 20 అని టైప్ చేసే వీలు ఉంటే సగం ప్రయోజనం పోతుంది. ఆ 20లో రెండు బ్యాచ్‌లు కలిసి ఉండవచ్చు. మూసి ఉన్న ఒరిజినల్ కార్టన్‌కి మాత్రమే ఆ వెసులుబాటు ఇవ్వండి. స్కానర్లు లేకపోతే, స్లిప్ మీద బ్యాచ్ ప్రింట్ కాకుండా ఆపేయండి. ఏ అర నుంచి తీయాలో మాత్రం ప్రింట్ చేసి, బ్యాచ్ చివరి మూడు అక్షరాలను బాక్సు చూసి చేత్తో రాయమనండి. బిల్లింగ్ దగ్గర అవి సిస్టమ్ ఎంచినదానితో కలవకపోతే ఇన్వాయిస్ మారాలి. పని కొంచెం నెమ్మదిస్తుంది. కానీ బాక్సు చదవకుండా ఆ గడి నింపడం కష్టం. వీటన్నిటికీ ముందు, ఒక అరలో ఒకే బ్యాచ్ అనే నియమం పెట్టండి. చోటు చాలదంటే కనీసం మధ్యలో అడ్డు బిళ్ల పెట్టండి.

రెండో చోటు సరుకు దించుకునే దగ్గర. సప్లయర్ ఇన్వాయిస్‌లో ఒకే బ్యాచ్ రాసి ఉంటుంది, ప్యాలెట్ పై వరుస కూడా అదే. లోపల కింది వరుసలో రెండు కార్టన్లు పాత బ్యాచ్‌వి ఉంటాయి. పై కార్టన్ చూసి మొత్తం ఒకే బ్యాచ్‌గా రిసీవ్ చేస్తే, ఆ పాత బ్యాచ్ మీ సిస్టమ్‌లో ఎప్పటికీ ఉండదు. దాని మీద రీకాల్ వస్తే మీరు "మా దగ్గరికి రాలేదు" అని నిజాయితీగానే తప్పు జవాబు ఇస్తారు. ప్రతి కార్టన్ లేబుల్ చదవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. టైపింగ్ పొరపాట్లు కూడా ఇక్కడే పుడతాయి: `AB0123`లో సున్నా బదులు ఇంగ్లీషు `O`, `8` బదులు `B`, ఒకసారి గీతతో ఒకసారి గీత లేకుండా. ఒకే బ్యాచ్ రెండు పేర్లతో సిస్టమ్‌లో కూర్చుంటే, రీకాల్ రోజున ఒక పేరుతో వెతికి సగం లిస్టుతో తృప్తిపడతారు. అందుకే వెతికేటప్పుడు ఆ ఐటమ్‌కి ఉన్న అన్ని బ్యాచ్‌లనూ తెర మీదికి తెచ్చి కళ్లతో చూడాలి, పూర్తిగా కలిసే నంబరు కోసం మాత్రమే వెతకకూడదు.

స్కాన్ చేస్తున్నాం కదా, టైపింగ్ తప్పు రాదు అనుకునేవారికి ఒక హెచ్చరిక. మందుల ప్యాక్‌ల మీద ఉండే జీఎస్1 డేటామ్యాట్రిక్స్ కోడ్‌లో `01` తర్వాత ప్రోడక్ట్ నంబరు 14 అంకెలు, `17` తర్వాత గడువు తేదీ 6 అంకెలు, `10` తర్వాత బ్యాచ్, `21` తర్వాత సీరియల్ నంబరు వస్తాయి. మొదటి రెండింటి పొడవు స్థిరం. బ్యాచ్ పొడవు మాత్రం 20 అక్షరాల లోపు ఎంతైనా ఉండవచ్చు. కాబట్టి దాని తర్వాత ఇంకేదైనా ఉంటే మధ్యలో ఒక విభజన అక్షరం ఉంటుంది, అది కంటికి కనిపించదు, కింద `<GS>` అని చూపించాను. స్కానర్ సెట్టింగ్ సరిగా లేక ఆ అక్షరాన్ని మింగేస్తే ఇలా అవుతుంది:

```
సరైనది:  0109520123456788 17270331 10K2417 <GS> 217F3A90
సిస్టమ్‌కి చేరింది:  lot = K2417217F3A90
```

(అర్థం కావడానికి ఖాళీలు పెట్టాను, అసలు కోడ్‌లో ఉండవు.) వచ్చింది 13 అక్షరాలే కాబట్టి సిస్టమ్ అభ్యంతరం చెప్పదు. సీరియల్ ఒక్కో బాక్సుకీ వేరు కాబట్టి ఒక్కో బాక్సూ ఒక్కో కొత్త బ్యాచ్‌గా నమోదవుతుంది. `K2417` అని వెతికితే ఏమీ దొరకదు. కొత్త స్కానర్ కొన్నప్పుడు, సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు బ్యాచ్, సీరియల్ రెండూ ఉన్న ఒక బాక్సు స్కాన్ చేసి తెర మీద ఏం పడిందో చదవండి. ఒక్క నిమిషం పని.

మూడో చోటు రిటర్న్‌లు. కస్టమర్ ఐదు బాక్సులు తిప్పి పంపితే, బిల్లింగ్ వాళ్లు ఆయన పాత ఇన్వాయిస్ తెరిచి అందులో ఉన్న బ్యాచ్‌కే క్రెడిట్ వేస్తారు. బాక్సు మీద ఉన్న నంబరు వేరే కావచ్చు, ఎవరూ చూడరు. ఇక్కడ ఒక విలువైన సమాచారం చేజారిపోతోంది. ఆ కస్టమర్‌కి మీరు ఎన్నడూ ఇన్వాయిస్ చేయని బ్యాచ్ బాక్సు తిరిగి వచ్చిందంటే రెండే కారణాలు: ఆయన దాన్ని వేరేచోట కొన్నాడు, లేదా మీరే బ్యాచ్ మార్చి పంపారు. రెండోది నిజమైతే పికింగ్ తప్పు పైసా ఖర్చు లేకుండా మీ బల్ల మీదికి వచ్చినట్టే. రిటర్న్‌ను బాక్సు చూసి నమోదు చేయండి, ఇన్వాయిస్‌తో కలవని ప్రతి దాన్నీ ఒక రిజిస్టరులో రాయండి. నెలకోసారి ఆ రిజిస్టరు చూస్తే ఏ ఐటమ్‌లో, ఏ షిఫ్టులో బ్యాచ్‌లు కలుస్తున్నాయో తెలిసిపోతుంది.

ఇవి కాక స్కీమ్ కింద ఉచితంగా వెళ్లే బాక్సులు, శాంపిళ్లు, ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కి బదిలీలు ఉంటాయి. వీటికి వేరే ఫారం, వేరే టేబుల్ ఉంటే కస్టమర్ల లిస్టు తీసే రిపోర్టులో అవి రావు. మీ రిపోర్టు ఏయే టేబుళ్లు చదువుతుందో ఐటీ వాళ్లను అడిగి ఒకసారి రాయించుకోండి.

ఇప్పుడు డ్రిల్. ముందస్తుగా తేదీ ప్రకటించే డ్రిల్‌లో అందరూ సీట్లలోనే ఉంటారు, పుస్తకాలు సర్ది ఉంటాయి. అసలు రీకాల్ సెలవు ముందు రోజు సాయంత్రం కూడా రావచ్చు. కాబట్టి విషయం ఇద్దరికే తెలియాలి: నిర్వహించేవారికి, అనుమతి ఇచ్చిన పై అధికారికి. రీకాల్ బాధ్యుడు సెలవులో ఉన్న రోజున కనీసం ఒకసారి చేయండి. లిస్టు తీసే హక్కు ఆయన లాగిన్‌కే ఉందని, రాత్రిపూట సప్లయర్ కబురు పంపే ఈమెయిల్ ఎవరూ చూడరని ఆ రోజే తెలుస్తుంది.

బ్యాచ్ ఎంపికలో మీ మీద మీరు జాలి పడకండి. ఒకే దఫాలో వచ్చి ఐదుగురికి వెళ్లిన బ్యాచ్ తీసుకుంటే ఏమీ తెలియదు. రెండు దఫాలుగా వచ్చినది, పక్క బ్యాచ్‌తో కలిసి షెల్ఫ్ మీద ఉన్నది, రిటర్న్‌లు ఉన్నది, కొంత ఇంకో గోడౌన్‌కి వెళ్లినది, కొంత ఇంకా స్టాక్‌లో ఉన్నది తీసుకోండి. చేతిలో ఏమీ మిగలని బ్యాచ్ అయితే లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు.

నోటీసు చేతికిచ్చిన నిమిషం నుంచి గడియారం మొదలవుతుంది. మొదట జరగాల్సింది కస్టమర్ల లిస్టు తీయడం కాదు. సరుకు ఆపడం. చాలాచోట్ల ఈ వరుస తారుమారు అవుతుంది. లిస్టు కోసం అందరూ కంప్యూటర్ చుట్టూ చేరతారు, ఈలోగా అదే బ్యాచ్ డాక్ దగ్గర బండి ఎక్కుతుంది. 2:10కి నోటీసు వచ్చింది, 2:25కి సిస్టమ్‌లో ఆ బ్యాచ్ కదలకుండా హోల్డ్ పెట్టారు, 3:40కి బాక్సులు తాళం వేసిన క్వారంటైన్ గదిలోకి చేరాయి అనుకోండి. కాగితం మీద బాగానే ఉంది. కానీ 2:05కి పికింగ్ అయిపోయి, ఇన్వాయిస్ కూడా అయిన ఆర్డర్‌ని హోల్డ్ ఆపదు, అది 2:50కి బయటికి వెళ్లిపోతుంది. హోల్డ్ పెట్టగానే ఒక మనిషి డాక్‌కి, ప్యాకింగ్ టేబుల్‌కి నడిచి వెళ్లి ఆ బ్యాచ్ ఉన్న అట్టపెట్టెలను పక్కకు తీయాలి. దారిలో ఉన్న బండ్ల డ్రైవర్లకు ఫోన్ చేయాలి. హోల్డ్ నిజంగా పనిచేస్తోందా అన్నది అడిగి తెలుసుకోవద్దు. ఆ బ్యాచ్‌తో ఒక ఆర్డర్ బిల్ చేయడానికి ప్రయత్నించండి. తర్వాత గోడౌన్ బదిలీ, శాంపిల్ జారీ, రిటర్న్ నమోదు కూడా ప్రయత్నించండి. అమ్మకాన్ని ఆపే హోల్డ్ బదిలీని ఆపకపోవడం, తిరిగి వచ్చిన బాక్సు నేరుగా అమ్మే స్టాక్‌లోకి వెళ్లిపోవడం తరచుగా కనిపించే లోపాలు.

ఆ తర్వాత లెక్కింపు. షెల్ఫ్, పై ర్యాక్‌లు, రిటర్న్‌ల బోను, పాడైన సరుకు చోటు, ఇంకో గోడౌన్, బండ్లు. లెక్కపెట్టే మనిషికి పుస్తకం అంకె చెప్పకండి. చెబితే 568 వచ్చేదాకా వెతుకుతాడు, వచ్చాక ఆపేస్తాడు. పక్క బ్యాచ్‌ని కూడా అదే సమయంలో లెక్కపెట్టించండి, పైన చూసిన ఉదాహరణలో అసలు సంగతి చెప్పింది అదే.

రెండు వైపులా సమానంగా తప్పు జరిగితే లెక్కలో కనపడదని పైన అన్నాను కదా. దాన్ని పట్టుకునే పరీక్ష కస్టమర్ షెల్ఫ్ నుంచి వెనక్కి రావడం. మీ ప్రతినిధి ఈ వారం ఎలాగూ వెళ్లే పది దుకాణాల్లో మీరు సప్లయ్ చేసిన ఒక్కో బాక్సు తీసి బ్యాచ్, గడువు ఫోటో తీయమనండి. ఆ కస్టమర్‌కి ఆ బ్యాచ్ ఇన్వాయిస్ అయిందా అని మీ సిస్టమ్‌లో చూడండి. కాకపోతే, దుకాణదారు ఆ ఐటమ్‌ని వేరేవాళ్ల దగ్గర కూడా కొంటున్నారా అని అడగండి. కొనకపోతే తప్పు మీదే. పదిలో ఒక్కటి దొరికినా పికింగ్‌ని సరిచేసేదాకా వెడల్పు లిస్టే వాడాలి. అదే బాక్సు నుంచి ఇంకా వెనక్కి వెళ్లి, ఏ దఫాలో వచ్చింది, సప్లయర్ ఇన్వాయిస్ ఏది, దించుకున్న రోజున ఎవరు తనిఖీ చేశారు అనే కాగితాలు కూడా తీయించండి. ఆహార పదార్థాల డిస్ట్రిబ్యూటర్లకు ఈ వెనక్కి వెళ్లే దారి మరింత అవసరం. అక్కడ కొన్ని సరుకులకు బ్యాచ్ అంటే గడువు తేదీయే, ఒకే తేదీతో రెండు వేర్వేరు ఫ్యాక్టరీల సరుకు ఉండే అవకాశం ఉంది.

కస్టమర్లకు కబురు పంపే భాగంలో ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. మంచి మందు పేరు, నిజమైన బ్యాచ్ నంబరు రాసి "ఇది మాక్" అని చివర్లో చేర్చిన మెసేజ్ పంపకండి. అది ఫార్వర్డ్ అవుతూ పోయేకొద్దీ చివరి మాట రాలిపోతుంది, రోగులు మందు ఆపేస్తారు. డ్రిల్‌లో సంప్రదింపు వివరాలను పరీక్షిస్తే చాలు. 83 మందిలో ఓ పదిహేను మందికి ఫోన్ చేసి, రీకాల్ అయితే ఎవరికి చెప్పాలి, పని వేళలు దాటాక ఏ నంబరు, ఒక బ్యాచ్ చెబితే వాళ్ల స్టాక్‌లో ఎంత ఉందో చూసి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది అని అడగండి. మీ దగ్గరున్న నంబర్లలో ఎన్ని పనిచేయడం లేదో, ఎన్ని డబ్బు వసూలుకి పనికొచ్చే అకౌంటెంట్ నంబర్లో అప్పుడు తెలుస్తుంది.

నిజమైన నోటీసు నమూనా మాత్రం ముందే ఆమోదించి ఉంచండి. మందు పేరు, మోతాదు, ప్యాక్ సైజు, బ్యాచ్, గడువు, అమ్మకం వెంటనే ఆపమనే మాట, ఏం చేయాలి, ఎప్పటిలోగా జవాబివ్వాలి అన్నవి అందులో ఉండాలి. వీటితో పాటు "స్టాక్ లేకపోయినా సున్నా అని జవాబు ఇవ్వండి" అనే వాక్యం తప్పనిసరి. అది లేకపోతే స్టాక్ లేనివాళ్లు జవాబివ్వరు, నోటీసు చూడనివాళ్లూ జవాబివ్వరు, ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ట్రాకింగ్ షీట్‌లో జవాబు రాని గడిని సున్నాగా నింపకూడదు. మీ కస్టమర్ మరో హోల్‌సేలర్ అయితే, ఆయన తన కస్టమర్లకు చెప్పినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎంతమందిని మళ్లీ సంప్రదించి ధ్రువీకరించాలన్నది ప్రమాద తీవ్రతను బట్టి ఉంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని స్థాయిలుగా విడదీసింది: ఎ స్థాయి అంటే నూటికి నూరు మంది, సి అంటే 10 శాతం, డి అంటే 2 శాతం. బి స్థాయి శాతాన్ని సందర్భాన్ని బట్టి 10కి, 100కి మధ్య నిర్ణయిస్తారు. మీ పత్రంలో కూడా ఇలాంటి మెట్లు ముందే రాసి ఉంటే ఆ రోజు వాదన ఉండదు.

ఎంత సమయం, ఎన్నిసార్లు? ఐరోపా మందుల పంపిణీ మార్గదర్శకాలు రీకాల్ ఏర్పాట్లను కనీసం ఏడాదికోసారి పరీక్షించమంటాయి. ఆహార రంగంలో బీఆర్‌సీజీఎస్ ప్రమాణం పూర్తి జాడను 4 గంటల్లో తేల్చమంటుంది. మందుల వాళ్లకు కూడా ఆ 4 గంటలు మంచి కొలత. అందులో హోల్డ్ మొదటి 30 నిమిషాల్లోపు పూర్తి కావాలని నా అభిప్రాయం. ఫలితాన్ని ఒక్క శాతంగా రాయకండి. సిస్టమ్ హోల్డ్‌కి పట్టిన సమయం, బాక్సులు తాళం కిందికి చేరడానికి పట్టిన సమయం, హోల్డ్ తర్వాత బయటికి జారిన బాక్సులు, బ్యాచ్ తేడా, పక్క బ్యాచ్ తేడా, దుకాణాల్లో చూసిన బాక్సుల్లో కలవనివి, ఫోన్‌కి దొరకని కస్టమర్లు: వీటిని విడివిడిగా రాయండి. ఒక్కోదానికి ఒక్కో మనిషి బాధ్యత వహించాలి.

మీరు పికింగ్‌లో మార్పు చేశాక వచ్చే ఏడాది దాకా ఆగకండి. మార్పు తర్వాత కొత్తగా వచ్చిన రెండు బ్యాచ్‌లు షెల్ఫ్ మీద కలిసి ఉన్న ఐటమ్ ఒకటి ఎంచుకుని, నెల రోజుల తర్వాత ఆ రెంటినీ గుట్టుగా లెక్కపెట్టించండి, పది దుకాణాల బాక్సులు కూడా సరిచూడండి. మార్పుకి ముందు వచ్చిన బ్యాచ్‌లను ఈ పరీక్షకు తీసుకుంటే పాత తప్పులు కలిసిపోయి మార్పు పనిచేసిందో లేదో తేలదు. ఆ పాత బ్యాచ్‌లు గడువు తీరి మార్కెట్ నుంచి పోయేదాకా వాటికి మాత్రం వెడల్పు లిస్టే వాడండి.